ఐరన్ ఉంది, అందదు: దీర్ఘకాలిక జబ్బుల్లో రక్తం ఎందుకు తగ్గుతుంది

రెండు ల్యాబ్ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని మొదలుపెడదాం. ఉదాహరణ కోసం రాసుకున్న అంకెలే అయినా, ఏ ఫిజీషియన్ టేబుల్ మీదైనా కనిపించే తరహావే. మొదటిది 32 ఏళ్ల మహిళది. నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు ఉంటుంది, రక్తస్రావం ఎక్కువ. హిమోగ్లోబిన్ 9.4, సీరమ్ ఐరన్ 28. రెండోది 47 ఏళ్ల మహిళది. మూడేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. పొద్దున లేచాక గంటన్నర దాకా వేళ్లు ముడుచుకోవు. ఆమె హిమోగ్లోబిన్ కూడా 9.4, సీరమ్ ఐరన్ కూడా 28.

సీరమ్ ఐరన్ మామూలుగా 60కి పైన ఉండాలి. కాబట్టి ఇద్దరికీ ఐరన్ తక్కువే అనుకుని ఒకే మాత్ర రాస్తారు. మొదటామెకు నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ ఒక గ్రాము పైనే పెరుగుతుంది. రెండో ఆమె మూడు నెలలు మింగినా 9.4 దగ్గరే ఆగిపోతుంది, మలబద్ధకం మాత్రం అదనంగా వస్తుంది. ఇంట్లోవాళ్లు బీట్‌రూట్, ఖర్జూరం, బెల్లం, వేటమాంసం అన్నీ పెట్టి, చివరికి "ఈమె ఒంటికి రక్తం పట్టదు" అని తేల్చేస్తారు. నిజానికి ఆమె కాలేయంలోనూ ప్లీహంలోనూ ఐరన్ కావలసినంత ఉంది. అది బయటికి రాకుండా శరీరమే తలుపు మూసింది. దీన్నే దీర్ఘకాలిక వ్యాధుల రక్తహీనత అంటారు. ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో రగిలే వాపు వల్ల వచ్చే రక్తహీనత అన్న పేరు ఇంకా సరిగ్గా అతుకుతుంది.

రోజువారీ లెక్క

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఐరన్ మూడు నాలుగు గ్రాములు. చిన్న ఇనుప మేకంత. అందులో ఎక్కువ భాగం ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. మూలుగ రోజూ కొత్త ఎర్రకణాలు తయారు చేయడానికి 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఐరన్ అడుగుతుంది. మనం తినే తిండి నుంచి పేగు లోపలికి తీసుకునేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే.

మిగతాది పాత సరుకు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ముసలి కణాలను ప్లీహం, కాలేయం, మూలుగల్లోని మాక్రోఫేజ్‌లు అనే కణాలు మింగి, హిమోగ్లోబిన్‌ను విడగొట్టి, అందులోని ఐరన్‌ను తిరిగి రక్తంలోకి వదులుతాయి. అక్కడ ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రొటీన్ దాన్ని ఎక్కించుకుని మూలుగకు చేరవేస్తుంది. ఊళ్లో పాత ఇనుప సామాన్లవాడు చేసే పనే ఇది: పాతది కొని, విడగొట్టి, కరిగించేవాడికి అమ్మడం. కొత్త ఖనిజం మీద నడిచే వ్యాపారం కాదిది.

ఇక్కడ గమనించాల్సిన అంకె ఒకటుంది. ఏ క్షణంలో చూసినా రక్తంలో ట్రాన్స్‌ఫెర్రిన్ మీద ప్రయాణిస్తున్న ఐరన్ సుమారు మూడు మిల్లీగ్రాములే. రోజుకు పాతిక మిల్లీగ్రాములు దాని మీదుగానే వెళ్లాలి కాబట్టి ఆ మూడూ కొన్ని గంటలకోసారి ఖాళీ అయి మళ్లీ నిండుతూ ఉండాలి. మాక్రోఫేజ్‌ల నుంచి సరఫరా ఆగిందంటే సీరమ్ ఐరన్ పడిపోవడానికి వారాలు అక్కర్లేదు, ఒక పూట చాలు. గట్టి జ్వరంలో ఉన్నప్పుడు చేయించిన సీరమ్ ఐరన్ పరీక్షను నమ్మకూడదు అనేది ఇందుకే.

తలుపు, తాళం

కణాల్లోంచి ఐరన్ బయటికి రావడానికి ఉన్న దారి ఫెర్రోపోర్టిన్ అనే ప్రొటీన్ ఒక్కటే. మాక్రోఫేజ్ గోడకు ఉన్నది అదే, ఐరన్‌ను తిండి నుంచి రక్తంలోకి దాటించే చిన్నపేగు కణాలకు ఉన్నదీ అదే. ఈ దారిని అదుపు చేసేది హెప్సిడిన్. కాలేయం తయారు చేసే, 25 అమైనో ఆమ్లాల చిన్న హార్మోన్. హెప్సిడిన్ వచ్చి ఫెర్రోపోర్టిన్‌ను పట్టుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. అంతటితో ఆగదు, కణం ఆ ఫెర్రోపోర్టిన్‌ను లోపలికి లాక్కుని అరిగించుకుంటుంది. అంటే తలుపుకు తాళం వేయడమే కాదు, తలుపునే పీకేసి గోడ కట్టేయడం లాంటిది. హెప్సిడిన్ తగ్గాక కణం కొత్త ఫెర్రోపోర్టిన్‌ను తయారు చేసుకుంటే గానీ దారి తెరుచుకోదు.

ఈ హార్మోన్ సంగతి బయటపడి పాతికేళ్లే అయింది. మొదట 2000, 2001లలో దీన్ని సూక్ష్మజీవులను చంపే పదార్థంగానే గుర్తించారు. కాలేయాన్నీ, బ్యాక్టీరియాను చంపే గుణాన్నీ కలిపి పేరు పెట్టారు. అదే 2001లో ఫ్రాన్స్‌లో వేరే జన్యువును తొలగించి పరిశీలిస్తున్న బృందానికి ఎలుకల ఒంట్లో ఐరన్ పేరుకుపోవడం కనిపించింది. ఆరా తీస్తే ఆ ఎలుకల్లో హెప్సిడిన్ లేదని తేలింది. 2004లో ఫెర్రోపోర్టిన్‌తో దీని సంబంధం దొరికింది. ఇన్‌ఫ్లమేషన్ సమయంలో విడుదలయ్యే ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయంలో హెప్సిడిన్‌ను పెంచుతుందనీ, ఆరోగ్యవంతులకు ఆ ఇంటర్‌ల్యూకిన్-6ను ఎక్కిస్తే గంటల్లోనే సీరమ్ ఐరన్ దిగుతుందనీ ఆ ఏడాదే చూపించారు. అంతకుముందు దశాబ్దాల పాటు వైద్యులకు ఈ రక్తహీనత కళ్లకు కనబడుతూనే ఉంది, కారణం మాత్రం చేతికి చిక్కలేదు.

శరీరం తన ఐరన్‌ను తనకే అందకుండా ఎందుకు దాచుకుంటుంది? బ్యాక్టీరియా పెరగడానికీ ఐరన్ కావాలి గనక. చాలా బ్యాక్టీరియా ఐరన్‌ను లాక్కోవడానికి ప్రత్యేకంగా రసాయనాలు తయారు చేసి వదులుతాయి. ఇన్‌ఫెక్షన్ వచ్చిన నాలుగైదు రోజులు రక్తంలో ఐరన్ లేకుండా చేయడం మంచి ఎత్తే, ఎర్రకణాల ఉత్పత్తి ఆ కాస్త రోజులు తగ్గినా నష్టం లేదు. చిక్కంతా ఇన్‌ఫ్లమేషన్ నెలలూ ఏళ్లూ సాగినప్పుడే. కీళ్లవాతంలో చంపాల్సిన క్రిమి ఏదీ లేదు. అయినా కీళ్ల పొరల్లోంచి ఇంటర్‌ల్యూకిన్-6 వస్తూనే ఉంటుంది, కాలేయం శత్రువు ఇంకా ఊళ్లోనే ఉందనుకుని తలుపులు పీకుతూనే ఉంటుంది. టీబీ, పేగుపూత, క్యాన్సర్, మానని పుండ్లు, కిడ్నీ జబ్బు, అన్నిటిలోనూ జరిగేది ఇదే.

ఐరన్ ఒక్కటే కారణం అనుకోకూడదు. రక్తం తగ్గితే కిడ్నీలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను పెంచి మూలుగను తొందరపెట్టాలి. ఇన్‌ఫ్లమేషన్‌లో ఆ పెంపు చాలినంత ఉండదు, ఉన్నదానికి మూలుగ సరిగ్గా స్పందించదు. ఎర్రకణాల ఆయుష్షూ కొంత తగ్గుతుంది. ఈ రక్తహీనతలో హిమోగ్లోబిన్ సాధారణంగా 8 నుంచి 11 మధ్య ఆగడం, అంతకు దిగువకు పోతే వేరే కారణం వెతకాల్సి రావడం గుర్తుంచుకోదగ్గ విషయం. కీళ్లవాతం ఉన్నామెకు హిమోగ్లోబిన్ 6.5 వస్తే, ఆ నేరం కీళ్లవాతం ఒక్కదాని మీద వేసి ఊరుకోవడం పొరపాటు.

ఇప్పుడు రిపోర్టు పూర్తిగా చదువుదాం

సీరమ్ ఐరన్ ఇద్దరికీ 28 అన్నాం. తేడా పక్క వరుసల్లో ఉంది.

మొదటామె టీఐబీసీ 450. ట్రాన్స్‌ఫెర్రిన్ మొత్తంగా ఎంత ఐరన్ మోయగలదో చెప్పే అంకె ఇది. లారీల సంఖ్య అనుకోండి. నిల్వలు అడుగంటినప్పుడు కాలేయం ట్రాన్స్‌ఫెర్రిన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది, ఎక్కడ చిటికెడు దొరికినా ఎత్తుకురమ్మని ఖాళీ లారీలను రోడ్డెక్కిస్తుంది. 28ని 450తో భాగిస్తే సుమారు 6 శాతం. దాన్నే ట్రాన్స్‌ఫెర్రిన్ శాచ్యురేషన్ అంటారు. ఫెర్రిటిన్ 6, అంటే గోదాంలో ఏమీ లేదు. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 70, అంటే అవి బాగా చిన్నవైపోయాయి. చేయాల్సింది స్పష్టం: ఐరన్ ఇవ్వాలి, రక్తం ఎందుకు పోతోందో చూడాలి.

రెండో ఆమె టీఐబీసీ 230. ఇన్‌ఫ్లమేషన్‌లో కాలేయం దాని తీవ్రతను చూపే సీఆర్‌పీ వంటి ప్రొటీన్లను తయారు చేసే హడావిడిలో పడి ట్రాన్స్‌ఫెర్రిన్‌ను తగ్గిస్తుంది. లారీలూ తక్కువే, సరుకూ తక్కువే. 28ని 230తో భాగిస్తే 12 శాతం. శాచ్యురేషన్ ఇద్దరికీ తక్కువే కాబట్టి అదొక్కటే ఇద్దరినీ వేరు చేయదు. ఫెర్రిటిన్ మాత్రం 210, సీఆర్‌పీ 38. ఎంసీవీ 82, కణాలు దాదాపు మామూలు సైజే. ఇక్కడ కణాల సంఖ్యే తగ్గింది, ఒక్కో కణానికి దక్కే ఐరన్ మరీ పడిపోలేదు. ఏళ్ల తరబడి సాగితే ఎంసీవీ కూడా కొంత దిగవచ్చు.

ఇదంతా తేలిగ్గా కనిపిస్తోంది కదా? తప్పటడుగు ఫెర్రిటిన్ దగ్గర పడుతుంది. ఫెర్రిటిన్ కణాల లోపల ఐరన్‌ను దాచిపెట్టే ప్రొటీన్. అందులో కొంచెం రక్తంలోకి వస్తుంది, మనం కొలిచేది ఆ కాస్తనే. ఆరోగ్యవంతుల్లో అది నిల్వకు మంచి కొలత. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు మాత్రం నిల్వతో పని లేకుండానే ఫెర్రిటిన్ పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు 15 కంటే తక్కువైతే ఐరన్ లోపమని, ఇన్‌ఫెక్షన్ గానీ ఇన్‌ఫ్లమేషన్ గానీ ఉన్నవాళ్లకు 70 కంటే తక్కువైతేనే లోపంగా లెక్కించాలని చెప్పింది. ప్రాక్టీసులో చాలామంది వైద్యులు పట్టుకునే గీతలు 30, 100. ముప్పై లోపు ఉంటే సీఆర్‌పీ ఎంతున్నా ఐరన్ లోపమే. వంద దాటి, శాచ్యురేషన్ 20 లోపు ఉండి, సీఆర్‌పీ పెరిగి ఉంటే ఇన్‌ఫ్లమేషన్ రక్తహీనత. ల్యాబ్ కాగితం మీద ఫెర్రిటిన్ పక్కన "నార్మల్" అని అచ్చయి ఉంటుంది, ఆ మాట నమ్మి ఐరన్ లోపం లేదనుకుని వెళ్లిపోయేవాళ్లు తక్కువేం కాదు. సీఆర్‌పీ పక్కన లేకుండా ఫెర్రిటిన్‌ను చదవడం సగం వాక్యం చదవడమే.

రెండూ ఒకేసారి ఉన్నప్పుడు

ముప్పైకీ వందకూ మధ్య పడేవాళ్ల సంగతే అసలు పరీక్ష. మూడో రిపోర్టు చూడండి. 55 ఏళ్ల మహిళ. కీళ్లవాతం ఎనిమిదేళ్లుగా. నొప్పి తట్టుకోలేక డైక్లోఫెనాక్ తరచూ వేసుకుంటుంది, దాంతోపాటు పాంటాప్రజోల్. హిమోగ్లోబిన్ 8.1, ఐరన్ 20, టీఐబీసీ 310, శాచ్యురేషన్ ఆరున్నర శాతం, ఫెర్రిటిన్ 58, సీఆర్‌పీ 40.

టీఐబీసీ పెరగలేదు, ఫెర్రిటిన్ తగ్గలేదు, కాబట్టి ఇన్‌ఫ్లమేషనే అనిపిస్తుంది. కానీ సీఆర్‌పీ 40 ఉన్న మనిషికి ఫెర్రిటిన్ 58 అంటే చాలా తక్కువ, నిల్వలు నిండుగా ఉంటే అది వంద ఎప్పుడో దాటాల్సింది. శాచ్యురేషన్ కూడా మరీ కిందికి ఉంది. నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండు పడి కొద్దికొద్దిగా రక్తం పోతుండవచ్చు. యాసిడ్ తగ్గించే మాత్ర వల్ల తిండిలోని ఐరన్ అరుగుదల తగ్గవచ్చు. ఇన్‌ఫ్లమేషన్ కింద నిజమైన ఐరన్ లోపం దాక్కుని ఉందన్నమాట.

ఎంసీవీ ఇక్కడ ఇంకో తికమక పెడుతుంది. ఈమె కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వేసుకుంటుంటే, ఆ మందు కణాలను కాస్త పెద్దవి చేస్తుంది. ఐరన్ లోపం చిన్నవి చేస్తుంది. రెండూ కలిసి ఎంసీవీ 84 అని నిక్షేపంగా చూపిస్తాయి. దీనికి భిన్నంగా, తలసేమియా ట్రెయిట్ ఉన్నవాళ్లకు ఏ లోపమూ లేకుండానే ఎంసీవీ 65-70 ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. పాత సీబీపీ కాగితాలు ఇంట్లో ఉంటే పారేయకుండా తీసుకెళ్లమని చెప్పేది ఇందుకే.

ఇలాంటి చోట సాయపడే పరీక్షలు రెండున్నాయి. సోల్యూబుల్ ట్రాన్స్‌ఫెర్రిన్ రిసెప్టర్ మొదటిది. ఐరన్‌కు మొహం వాచిన మూలుగ కణాలు ట్రాన్స్‌ఫెర్రిన్‌ను పట్టుకునే కొక్కేలను గోడ నిండా పెంచుకుంటాయి, వాటి ముక్కలే రక్తంలో కొలవబడతాయి. నిజమైన లోపంలో ఇది పెరుగుతుంది, ఒట్టి ఇన్‌ఫ్లమేషన్‌లో పెద్దగా పెరగదు. రెండోది కొత్తగా పుట్టిన ఎర్రకణాల్లో, అంటే రెటిక్యులోసైట్లలో హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పే కొలత. ఈ నాలుగైదు రోజుల్లో మూలుగకు ఐరన్ అందిందా లేదా అన్నది అది చెబుతుంది, నిల్వ సంగతి కాదు. రెండూ అన్ని ల్యాబుల్లోనూ దొరకవు. మూలుగ తీసి ప్రష్యన్ బ్లూ రంగు వేసి చూస్తే జవాబు కంటికే కనిపిస్తుంది: ఇన్‌ఫ్లమేషన్‌లో మాక్రోఫేజ్‌ల నిండా నీలం, పక్కనే తయారవుతున్న ఎర్రకణాల్లో నీలం జాడ ఉండదు. ఐరన్ లోపంలో రెండు చోట్లా ఏమీ ఉండదు. సూదితో మూలుగ తీయడం నొప్పి కాబట్టి దీనికోసమే ఎవరూ చేయరు.

హెప్సిడిన్‌నే నేరుగా కొలవొచ్చు కదా అనిపిస్తుంది. కొలవొచ్చు, కానీ మామూలు ఆస్పత్రి పరీక్షగా ఇంకా స్థిరపడలేదు. పైగా మిశ్రమ స్థితిలో హెప్సిడిన్‌ను ఇన్‌ఫ్లమేషన్ పైకి లాగుతుంటే ఐరన్ లోపం కిందికి లాగుతుంటుంది. మూడో ఆమెకు అది రెండో ఆమె కంటే తక్కువే ఉండవచ్చు. ఐరన్ ఇస్తే ఆమెలో కొంతైనా ఫలితం కనిపించేది ఆ సందు ఉండబట్టే.

మాత్ర ఎక్కడ ఆగిపోతుంది

హెప్సిడిన్ ఎక్కువున్న మనిషి ఐరన్ మాత్ర మింగితే ఏమవుతుందో అడుగడుగునా చూద్దాం. ఐరన్ చిన్నపేగు కణంలోకి వెళ్తుంది. ఆ కణం నుంచి రక్తంలోకి పోయే ఫెర్రోపోర్టిన్ తలుపు లేదు. కణం ఆ ఐరన్‌ను ఫెర్రిటిన్‌లో కట్టి పెట్టుకుంటుంది. పేగు కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోతాయి, ఐరన్ వాటితోపాటే విరేచనంలో పోతుంది. విరేచనం నల్లగా అవుతుంటే మందు పని చేస్తోందని సంతోషపడేవాళ్లుంటారు. ఆ నలుపు ఒంటికి పట్టని ఐరన్‌దే.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఒక డోసు మాత్ర దాదాపు ఒక రోజు పాటు హెప్సిడిన్‌ను పెంచుతుంది. ఐరన్ లోపానికి రోజు మార్చి రోజు మాత్ర ఇచ్చే పద్ధతి ఆ గమనింపు నుంచే వచ్చింది. ఇన్‌ఫ్లమేషన్‌లో ఆ వెసులుబాటు కూడా ఉండదు, తలుపు తెరుచుకునే రోజంటూ రాదు.

ఇంజెక్షన్ ఇస్తే పేగు గండం గడుస్తుంది, ఇంకో గండం మిగులుతుంది. సిరలోకి ఎక్కించే ఐరన్ పిండిపదార్థపు పొరలో చుట్టి ఉంటుంది. దాన్ని మొదట మింగేది మాక్రోఫేజ్‌లే. అవి మళ్లీ ఫెర్రోపోర్టిన్ గుండానే బయటికి వదలాలి. కాబట్టి ఒట్టి ఇన్‌ఫ్లమేషన్ ఉన్నామెకు అందులో చాలా భాగం గోదాంలో చేరి కూర్చుంటుంది, ఫెర్రిటిన్ ఎగబాకుతుంది, హిమోగ్లోబిన్ అంతగా కదలదు. మూడో ఆమెలాంటి వాళ్లకు మాత్రం ఇది బాగా ఉపయోగపడుతుంది. కిడ్నీ జబ్బులో లెక్క వేరు. అక్కడ ఎరిత్రోపోయిటిన్ తయారీయే తగ్గిపోతుంది, హెప్సిడిన్‌ను వడకట్టి పంపాల్సిన కిడ్నీ ఆ పని చేయలేదు. శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో బాధపడేవాళ్లయినా, ఇంకెక్కడి డయాలసిస్ రోగులైనా ఫెర్రిటిన్ వంద దాటినా ఐరన్ ఇంజెక్షన్, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ కలిపి తీసుకునేది అందుకే. జోరుగా ఇన్‌ఫెక్షన్ ఉన్న రోజుల్లో మాత్రం సిరలోకి ఐరన్ ఎక్కించరు.

టీబీలోనూ ఇదే జాగ్రత్త. టీబీతో వచ్చే రక్తహీనత చాలామందిలో టీబీ మందులతోనే నెలల్లో సర్దుకుంటుంది. మొదటి వారంలోనే హిమోగ్లోబిన్ తక్కువ ఉందని ఐరన్ కుమ్మరించడం తొందరపాటు.

జబ్బు తగ్గితే రక్తం పెరుగుతుంది

రెండో ఆమె దగ్గరికి వద్దాం. ఆమెకు ఐరన్ మాత్ర ఆపి, కీళ్లవాతానికి వైద్యం గట్టిపరిచారనుకుందాం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి, దానికి తోడు ఫోలిక్ యాసిడ్. కీళ్లవాతంలో ఇంటర్‌ల్యూకిన్-6 పనిని నేరుగా అడ్డుకునే టోసిలిజుమాబ్ వంటి ఇంజెక్షన్లు ఇచ్చినప్పుడు హెప్సిడిన్ తగ్గి హిమోగ్లోబిన్ పెరగడం బాగా నమోదైన విషయం. అయితే ఆ మందు సీఆర్‌పీనే తయారు కానివ్వదు గనక, అది వాడుతున్నవాళ్ల సీఆర్‌పీ తక్కువ కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ లేదని ధీమా పడకూడదు.

మూడు నెలల తర్వాత ఆమె కాగితంలో సీఆర్‌పీ 6, హిమోగ్లోబిన్ 11.0, సీరమ్ ఐరన్ 62 అని వచ్చాయి. ఒక్క ఐరన్ మాత్ర కూడా వేసుకోలేదు, గోదాం తలుపు తెరుచుకుంది. హిమోగ్లోబిన్ మామూలుకు ఇంకా ఒక మెట్టు కిందే ఉంది గనక ఫెర్రిటిన్ మళ్లీ చూడాలి. అది 120 ఉంటే ఇంకో మూడు నెలలు కీళ్లవాతం మందులే చాలు. ఒకవేళ 24కు దిగిందనుకోండి, పాత రిపోర్టులోని 210లో చాలా భాగం ఇన్‌ఫ్లమేషన్ వేసిన ఉబ్బే అన్నమాట, నిల్వ ముందు నుంచీ సన్నగానే ఉండి ఉంటుంది. అప్పుడు రక్తం ఎటు పోతోందో వెతుకుతూ, ఆరు నెలల కిందట పనికిరాకుండా పోయిన అదే మాత్రను రోజు మార్చి రోజు, టీ కాఫీలకు దూరంగా, పరగడుపున వేసుకోమంటారు. ఈసారి రెండు మూడు వారాలకే రక్తం పెరగడం కనిపిస్తుంది.